గృహప్రవేశంలో ఆ రెండు నిమిషాలు ఎవరికోసం?

ప్రశ్న: నమస్కారమండి. మాది తణుకు దగ్గర పల్లెటూరు. ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి 20 ఏళ్ళు దాటింది. బోడుప్పల్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాం. మాఘంలో గృహప్రవేశం. తెల్లవారుజామున ముహూర్తం, తర్వాత సత్యనారాయణ వ్రతం, మధ్యాహ్నం భోజనాలు. ఊరి చుట్టాలు, కాలనీవాళ్ళు కలిపి 150 మంది దాకా వస్తారు. షామియానా కింద మైక్ పెట్టిస్తున్నాం, నన్ను రెండు మాటలు మాట్లాడమంటున్నారు. మా అబ్బాయి రెండు పేజీలు రాసిచ్చాడు, అందులో 23 పేర్లున్నాయి. నాకు ఒకటే టెన్షన్. డబ్బు తక్కువైతే మా బావగారు నోటు కూడా రాయించుకోకుండా 4 లక్షలు సర్దారు, ఆయన పేరు చెప్పాలి కదా? పొలం పంపకాల దగ్గర నుంచి మా అన్నయ్యకీ నాకూ మాటల్లేవు, వస్తాడో రాడో తెలీదు. నాన్నగారు పోయి రెండేళ్ళయింది, ఆయన పేరెత్తితే నా గొంతు పూడుకుపోతుంది. ఎదురింట్లో ముస్లిం కుటుంబం, పక్కింట్లో వరంగల్ వాళ్ళు. కట్టినన్నాళ్ళూ ఇద్దరూ ఎంతో ఓర్చుకున్నారు. ఏం మాట్లాడాలి, ఎప్పుడు మాట్లాడాలి, ఎవరి పేరు ముందు చెప్పాలి?

సమాధానం:

మీ అబ్బాయి రాసిన రెండు పేజీలూ జాగ్రత్తగా దాచండి, ఫోటోల ఆల్బమ్‌లో పెట్టుకుందురు గాని. మైక్ దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకండి. 23 పేర్లు చదవడం మొదలెట్టారంటే ఆ షామియానా కింద ప్రతివాళ్ళూ తమ పేరు వస్తుందా లేదా అన్నదే వింటారు. పేరు వచ్చినవాళ్ళు ఒక్క క్షణం సంతోషించి పక్కవాళ్ళతో కబుర్లలో పడతారు. రానివాళ్ళు సాయంత్రం దాకా గుర్తుపెట్టుకుంటారు, కొందరైతే మీ అబ్బాయి పెళ్ళి దాకా. మనవైపు చుట్టరికాల్లో 24వ పేరు ఎప్పుడూ ఉంటుంది. అది సాధారణంగా మీ నాన్నగారి మేనత్త కొడుకుదో, రాత్రంతా బస్సులో వచ్చిన బాబాయిదో అయి ఉంటుంది.

కాబట్టి ఎవరి పేరు ముందు అన్న ప్రశ్న కాసేపు పక్కన పెట్టి ఇంకోటి చూద్దాం. ఆ రోజు మీరు మైక్ పట్టుకునే వేళకి ఎవరెవరికి ఇవ్వాల్సిన గౌరవం అప్పటికే అందిపోయి ఉంటుంది?

మీ అత్తగారివాళ్ళు బట్టలు, పసుపు కుంకుమలు తెస్తారు. పీటల మీద మీ దంపతులకి బట్టలు పెడతారు. మీరు తిరిగి వాళ్ళకి పెట్టి, కాళ్ళకి దణ్ణం పెడతారు. అందరి కళ్ళముందూ వాళ్ళ మర్యాద జరిగిపోతుంది. బావగారి భార్య, మీ అక్కగారు, ఆడపడుచు. చాలా ఇళ్ళల్లో పొయ్యి వెలిగించి పాలు పొంగించేది ఆడపడుచే, ఆవిడకి పెట్టాల్సిన లాంఛనం కూడా ఉంటుంది. పంతులుగారికి బట్టలు, సంభావన. పెద్దవాళ్ళంతా అక్షింతలు వేసి ఆశీర్వదిస్తారు, మీరు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి వంగుతారు. మన పద్ధతిలో కృతజ్ఞత ఎక్కువగా నోటితో కాదు, చేత్తో చెప్తాం. చుట్టాలకి దాదాపు ఏదీ బాకీ ఉండదు.

మరి తంతులో చోటు లేనివాళ్ళెవరు? పొరుగువాళ్ళు. గృహప్రవేశం పద్ధతి మొత్తం వెతికినా ‘పక్కింటివారిని పిలిచి ఇది చేయాలి’ అని ఎక్కడా కనపడదు. వాళ్ళు పన్నెండున్నరకి వచ్చి, పరిచయమున్న మొహం కోసం చూసి, ఒక కుర్చీలో కూర్చుని, తినేసి వెళ్ళిపోతారు. రెండోవాళ్ళు ఇల్లు కట్టిన మేస్త్రీ, పనివాళ్ళు. మూడో మనిషి మీ అమ్మగారు. మీరు రాయలేదు గానీ నాన్నగారు పోయారన్నారు కాబట్టి అంటున్నాను. మన ఇళ్ళల్లో భర్త పోయినావిడ ఇలాంటి శుభకార్యాల్లో తనంతట తానే వెనక గదిలోకి తప్పుకుంటుంది, లేదా ఎవరో తప్పుకునేలా చేస్తారు. పంతులుగారితోనూ పెద్దవాళ్ళతోనూ ఆ రోజు మీరు వాదించగలరో లేదో నాకు తెలీదు. కానీ మైక్‌కి శాస్త్రం లేదు. అక్కడ మీ ఇష్టం.

నా ఉద్దేశంలో ఆ రెండు నిమిషాలూ ఈ ముగ్గురివి. చుట్టాలందరికీ కలిపి ఒక్క వాక్యం చాలు. వాళ్ళేమీ అనుకోరు, ఎందుకంటే వాళ్ళలో ఒకరి పేరు చెప్పి ఇంకొకరిది వదల్లేదు కాబట్టి.

పొరుగువాళ్ళకి కృతజ్ఞత చెప్పేటప్పుడు ‘మా ఇరుగుపొరుగువారి సహాయ సహకారాలకు ధన్యవాదాలు’ అంటే అది శుభలేఖ భాష. వినేవాళ్ళ చెవి దాకా కూడా వెళ్ళదు. వాళ్ళు ఏం ఓర్చుకున్నారో చెప్పాలి. ఒక ఇల్లు లేస్తున్నప్పుడు పక్కింటివాళ్ళ బతుకేంటో మీరు దగ్గర్నుంచి చూసే ఉంటారు. వాళ్ళ గేటు ముందు ఇసుక కుప్ప, కంకర లారీ వస్తే బండి తీయాల్సి రావడం, స్లాబు వేసిన రోజు చీకటిపడ్డాక కూడా ఆగని మిల్లర్ మోత, టైల్స్ కోసే దుమ్ముకి ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతుక్కోవడం. స్లాబు వేశాక కనీసం వారం రెండు వారాలు ఆరకుండా తడుపుతూ ఉండాలి కదా, మీ బోరు ఇంకా సిద్ధం కాకపోతే ఆ నీళ్ళు ఎవరి ట్యాంకు నుంచి వచ్చాయి? పనివాళ్ళకి వేసవిలో బాటిళ్ళలో చల్లటి నీళ్ళు ఎవరిచ్చారు? ఇలాంటివి రెండు ఏరుకోండి. ఒక్కో ఇంటికి ఒక్కటి. రెండో దానికి మించితే జాబితా అయిపోతుంది.

ఇక్కడొక హెచ్చరిక ఉంది. మీ పని వల్ల వాళ్ళ ప్రహరీగోడ పగిలిందనుకోండి, మీ లారీ వాళ్ళ గేటు ముందు డ్రైనేజీ మూత విరగ్గొట్టిందనుకోండి. అది ఇంకా అలాగే ఉంటే మైక్‌లో ‘మా వల్ల మీకు కలిగిన ఇబ్బందికి క్షమించండి’ అనకండి. ఆ మాట వాళ్ళకి వెక్కిరింతలా వినిపిస్తుంది. గృహప్రవేశానికి ముందే మేస్త్రీని పంపి ఆ గోడకి సిమెంటు పూయించండి. ఎలాగూ మీ ఇంట్లో ఒకటో రెండో బస్తాలు మిగిలే ఉంటాయి. వీధిలో మిగిలిన ఇసుక, ఇటుక ముక్కలు కూడా ఎత్తించేయండి. ఆ తర్వాత మీరు క్షమించమన్నా అనకపోయినా ఒకటే.

వరంగల్ వాళ్ళ గురించీ, ఎదురింటివాళ్ళ గురించీ మీరు ప్రత్యేకంగా రాశారు కాబట్టి చెప్తున్నాను. యాస గురించి, ఊళ్ళ గురించి సరదాకైనా మైక్‌లో జోకులు వద్దు. ‘మేము ఆంధ్రా నుంచి వచ్చినా మమ్మల్ని మీలో కలుపుకున్నారు’ లాంటి మాట మీరు మంచి ఉద్దేశంతోనే అంటారు. అయితే 20 ఏళ్ళ తర్వాత కూడా మీరు ఇంకా బయటివాళ్ళమనే అనుకుంటున్నారని దానికి అర్థం వస్తుంది. ‘పక్కింటివాళ్ళు’ అనండి, అంతకంటే దగ్గరి చుట్టరికం ఏముంటుంది! అలాగే ‘మా ముస్లిం సోదరులు’ అనొద్దు, ‘ఎదురింటివాళ్ళు’ చాలు. ఆ ఇంట్లో పెద్దవాళ్ళకి తెలుగు అంతగా రాకపోతే ఒక్క ముక్క వాళ్ళ భాషలో అనండి. ‘ఆప్ సబ్ ఆయే, బహుత్ షుక్రియా, ఖానా ఖాకే హీ జానా’ అంటే చాలు, హైదరాబాద్‌లో అది ఎవరికీ వింతగా ఉండదు. ప్రసాదం సంగతి మైక్‌లో ఎత్తకండి. తీసుకునేవాళ్ళు తీసుకుంటారు, లేనివాళ్ళు ఊరుకుంటారు. మీరు భోజనానికి పిలవండి, అది అందరికీ ఒకటే.

మేస్త్రీకి కొత్త బట్టలు పెట్టడం మీవైపూ ఉంది, ఇక్కడా ఉంది. చాలామంది ఆ పని ముందురోజు సాయంత్రమో, అందరూ వెళ్ళిపోయాకో గుట్టుగా కానిచ్చేస్తారు. మీరు ఆయన్ని, ఆయన భార్యని భోజనాల వేళకి పిలిపించి, మైక్‌లో పేరు పెట్టి చెప్పండి. నా లెక్కలో ఆ రోజు పేరు పెట్టి చెప్పదగ్గ మనిషి ఆయనొక్కడే, ఎందుకంటే ఆ పేరు చెప్తే అలిగేవాళ్ళు ఎవరూ ఉండరు. వడ్రంగి, కరెంటు పనివాళ్ళు, ప్లంబర్ అందరినీ ‘ఆయనతో పాటు పనిచేసినవాళ్ళు’ అన్న మాటలో కలిపేయొచ్చు. అప్పటికి గంట కిందటే వ్రతంలో ఐదో కథ విని ఉంటారు, గొల్లలు చెట్టుకింద పూజ చేసి పెట్టిన ప్రసాదం ముట్టకుండా వెళ్ళిపోయిన తుంగధ్వజ మహారాజు కథ. మేస్త్రీని మొదటి బంతిలో కూర్చోబెడితే ఆ కథకి మీరు వేరే వ్యాఖ్యానం చెప్పక్కర్లేదు.

ఇప్పుడు బావగారి 4 లక్షలు. వద్దండి, పేరు కూడా ఎత్తొద్దు. మీ మనసులో కృతజ్ఞత పొంగుతోందని అర్థమవుతోంది, కానీ ఆయన వైపు నుంచి ఆలోచించండి. నోటు రాయించుకోకుండా ఇచ్చారంటే అది ఆయనకీ మీకూ మధ్య విషయం. ఆయన అన్నదమ్ములకి తెలుసా? వాళ్ళలో ఎవరికైనా ఈమధ్య అవసరమొస్తే ‘ప్రస్తుతం చేతిలో లేవు’ అని చెప్పి ఉంటే? వాళ్ళూ మీ షామియానా కిందే కూర్చుని ఉంటారు. ‘కష్టకాలంలో మా బావగారు ఆదుకున్నారు’ అని అంకె చెప్పకుండా అన్నా సరే, ఎంత అనే ప్రశ్న భోజనాల్లోనే మొదలవుతుంది, చేతులు కడుక్కునేలోపు జవాబు కూడా పుడుతుంది. మీ ఊళ్ళో చుట్టాలకి మీరు అప్పు చేసి కట్టారన్న కబురు ఉచితంగా అందుతుంది. గృహప్రవేశం అయిన వారంలో మీ దంపతులిద్దరూ వాళ్ళింటికి వెళ్ళి, పళ్ళు, బట్టలు పెట్టి, ఎప్పటికల్లా ఎంతెంత తీరుస్తారో ఒక కాగితం మీద మీరే రాసి ఆయన చేతిలో పెట్టండి. ఆయన అడగకపోయినా సరే. మైక్‌లో ఆయన వంతు మీ అక్కగారి ద్వారా అందుతుంది: ‘మా అక్క చేత్తో పాలు పొంగాయి’ అనండి. ఆ మాట విని మీ బావగారికి అర్థం కావలసినది అర్థమవుతుంది, మిగతావాళ్ళకి అది మామూలు మాట.

బ్యాంకు లోను, చదరపు అడుగుకి ఎంతయింది, టేకు ఎక్కడిది, గ్రానైటు ఎక్కడిది అన్నవి కూడా ఇదే లెక్కలో వదిలేయండి. అడిగినవాళ్ళకి ఇల్లు చూపించేటప్పుడు చెప్పొచ్చు. అడగకుండా ఎలాగూ ఉండరు.

అన్నయ్యగారి విషయానికి నాది చిన్న సమాధానం. మైక్‌లో రాజీ ప్రయత్నం చేయకండి. ఆయన రాకపోతే ఆ ప్రస్తావనే వద్దు, ‘రాలేకపోయినవాళ్ళు కూడా’ లాంటి చురక కూడా వద్దు, అది ఎవరి గురించో మీ ఊరివాళ్ళకి తెలుసు. వస్తే మాత్రం ఆయనకి జరగాల్సింది మైక్‌లో కాదు. కొత్త పంచెల చాపు ఒకటి ముందే కొని పక్కన పెట్టుకోండి, బట్టలు పెట్టే వేళకి పెద్దకొడుకుగా ఆయనకే మొదట పెట్టి దణ్ణం పెట్టండి, అమ్మగారి పక్కన కుర్చీ వేయించండి. మీ నోటినుంచి ఒక్క మాట రాకపోయినా మీ ఊరివాళ్ళంతా చూస్తారు. వదినగారు ఒక్కరే వస్తే ఆవిడకి చీర పెట్టి, ఆయన పంచెలు ఆవిడ చేతికే ఇచ్చి పంపండి.

ఎప్పుడు మాట్లాడాలన్నది మీరు అనుకున్నదానికంటే ముఖ్యం. తెల్లవారుజామున ఇంట్లోకి అడుగుపెట్టేటప్పుడు దగ్గరివాళ్ళే ఉంటారు, పైగా ఆవు గుమ్మంలో మొరాయిస్తుంటుంది. వ్రతం అయిపోయి హారతి ఇచ్చాక అందరూ తీర్థప్రసాదాల కోసం లేస్తారు. పంతులుగారు గడియారం చూసుకుంటూ ఉంటారు, మాఘంలో ఆయనకి ఆ రోజు ఇంకో ముహూర్తం ఉండే అవకాశం ఎక్కువ. అక్షింతల వేళకి చుట్టాలంతా ఒకచోట ఉంటారు కానీ కాలనీవాళ్ళు ఇంకా రారు. మీరు ఎవరికోసం మాట్లాడాలనుకుంటున్నారో వాళ్ళు లేని సమయంలో మాట్లాడి లాభం లేదు. అందుకని భోజనాలకి పిలిచే ముందు మాట్లాడండి, మొదటి బంతి కూర్చోకముందు. ఆకులు వేసి అన్నం వడ్డించాక మైక్ పట్టుకున్నవాడిని ఎవరూ క్షమించరు. బఫే అయినా అంతే, ప్లేట్లు చేతికి రాకముందే మాట్లాడాలి. వంటవాళ్ళకి ముందే చెప్పండి, ‘నేను మైక్ కింద పెట్టాకే మూతలు తీయండి’ అని. గుత్తివంకాయ వాసన వచ్చాక మీరు ఏం చెప్పినా గాలికి పోతుంది.

సన్నాయి మేళం ఉంటే వాళ్ళనీ రెండు నిమిషాలు ఆపమనాలి. బాక్సుల్లో భక్తి పాటలు పెట్టి ఉంటే సౌండు తగ్గించడం కాదు, పూర్తిగా ఆపించాలి. ఇంకో విషయం, మీరు తెల్లవారుజాము నుంచి ఏమీ తినకుండా పీటల మీద కూర్చుని ఉంటారు, హోమం పొగ గొంతులోకి పోయి ఉంటుంది. పొగకి ఎండిపోయిన గొంతుతో నాలుగు వాక్యాలు చెప్పేసరికి దగ్గు వస్తుంది, అది చూసి జనం ఏడుస్తున్నారనుకుంటారు. ప్రసాదం తీసుకున్నాక ఒక గ్లాసు పల్చటి మజ్జిగో గోరువెచ్చటి నీళ్ళో తాగి పావుగంట కూర్చోండి. మైక్ నోటికి ఒక బెత్తెడు దూరంలో, గడ్డానికి కాస్త కిందుగా పట్టుకోండి. ‘హలో హలో’ అంటూ తట్టి చూడక్కర్లేదు, అది షామియానా అబ్బాయి పొద్దున్నే చేసి ఉంటాడు.

చదివింపులు మైక్‌లో చదివే అలవాటు మీవైపు ఉంటే, దానికీ మీ మాటలకీ మధ్య కనీసం భోజనాలైనా అడ్డం ఉండేలా చూసుకోండి. ‘మీరంతా వచ్చినందుకు సంతోషం’ అన్న వెంటనే ఒకాయన పుస్తకం తెరిచి ‘ఫలానావారు 1,116’ అని మొదలుపెడితే మీ కృతజ్ఞత మొత్తం కవర్ల కోసం వేసిన పీఠికలా ఉంటుంది. అసలు కాలనీవాళ్ళున్న చోట చదివింపులు మైక్‌లో చదవకపోవడమే నయమని నా అభిప్రాయం. వాళ్ళలో కొందరు ఒక మొక్క తెస్తారు, కొందరు ఉత్త చేతులతో వస్తారు, ఆ లెక్క వీధికి వినిపించక్కర్లేదు.

ఇక అసలు మాటలు. మీ ఉత్తరంలో ఉన్న సంగతులతో ఒక నమూనా రాశాను. ఇసుక, నీళ్ళు, రైలింగు, మంచం లాంటివి నేను ఊహించినవి, వాటి బదులు మీ ఇంట నిజంగా జరిగినవి పెట్టుకోండి. నిదానంగా చదివితే నిమిషంన్నర పడుతుంది.

“అందరికీ నమస్కారమండి. ఊరినుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన మావాళ్ళకి, మా ఆవిడ తరఫువాళ్ళకి, మా కాలనీవాళ్ళకి, మీరందరూ రావడం మాకు చాలా సంతోషంగా ఉంది. పొద్దున మా అక్క చేత్తో పాలు పొంగాయి. మా అమ్మ ఇదిగో, ఇక్కడ ముందు కూర్చుంది. నాన్నగారు ఉంటే ముందుగా మేడెక్కి ట్యాంకు నిండిందో లేదో చూసొచ్చేవారు. ఇప్పుడు ఆ పని మా అబ్బాయికి అప్పజెప్పాం, వాడు ఇంకా ఎక్కలేదు.

ఈ ఇల్లు లేస్తున్నన్నాళ్ళూ మాకంటే ఎక్కువ ఇబ్బంది పడింది మా పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు. నాలుగు నెలలు వాళ్ళ గేటు ముందు మా ఇసుక ఉంది, ఒక్క రోజు కూడా ఎందుకని అడగలేదు. స్లాబు తడపడానికి మా బోరు పనిచేయకపోతే ఎదురింటివాళ్ళు పైపు వాళ్ళే తెచ్చి ఇచ్చారు. ఆప్ సబ్ ఆయే, బహుత్ షుక్రియా. ఇల్లు కట్టింది మా మేస్త్రీగారు,” ఇక్కడ ఆయన పేరు చెప్పండి, “ఆయనతో పాటు పనిచేసినవాళ్ళు. గోడ ఒక్క అంగుళం అటూ ఇటూ అయినా పడగొట్టి మళ్ళీ కట్టారు. ఆయన, వాళ్ళావిడ ఇక్కడే ఉన్నారు.

భోజనాలు మేడమీద. మెట్లకి రైలింగు ఇంకా బిగించలేదు, పిల్లల్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళండి. మెట్లెక్కలేనివాళ్ళకి కింద హాల్లోనే వడ్డిస్తాం. మొదటి బంతికి మా కాలనీవాళ్ళు, మేస్త్రీగారివాళ్ళు, పెద్దవాళ్ళు రావాలి. పడుకోవాలనుకునేవాళ్ళకి వెనక గదిలో మంచం వేశాం. తొందరపడకుండా తినండి, దగ్గరుండి వడ్డిస్తాం.”

అంతే. ఇందులో నాన్నగారి మాట ఎక్కడ పెట్టానో చూడండి. మామూలుగా ఆఖర్న పెడతారు, ‘ఈ శుభసమయంలో మా నాన్నగారు లేకపోవడం’ అని. అప్పుడు గొంతు పూడుకుపోతే ఇక ముందుకు వెళ్ళడానికి దారి ఉండదు, మైక్ ఎవరికో ఇచ్చేసి లోపలికి వెళ్ళిపోవాల్సి వస్తుంది, వెనకాలే అమ్మగారు ఏడుస్తారు, భోజనాలు చల్లారిపోతాయి. మొదట్లోనే, అమ్మగారి పేరు వెంటనే, ఆయన అలవాటు ఒకటి చెప్పి, దాని తర్వాత జనం నవ్వే మాట ఒకటి పెట్టుకోండి. గొంతు పట్టేసినా ఆ నవ్వులో తేరుకుంటారు. ఆయన గొప్పతనం చెప్పే వాక్యం వద్దు, దాని దగ్గరే తడబడతారు. ట్యాంకు బదులు ఆయన నిజంగా ఏం చేసేవారో అది పెట్టండి, తలుపు గొళ్ళెం లాగి చూసేవారో, మామిడి మొక్క ఎక్కడ పాతాలో చెప్పేవారో. ఒకవేళ నిజంగానే మాట ఆగిపోతే ఆగనివ్వండి. గ్లాసుతో నీళ్ళు పట్టుకుని మీ అబ్బాయిని రెండడుగుల దూరంలో నిలబెట్టుకోండి. నీళ్ళు తాగి పక్కింటివాళ్ళ మాటకి వెళ్ళిపోండి.

అమ్మగారిని ముందు వరసలో కూర్చోబెట్టే పని మైక్ పట్టుకోకముందే చేయాలి. ‘అమ్మా, రా’ అని మైక్‌లో పిలిస్తే ఆవిడ రానంటుంది, నలుగురూ బలవంతం చేస్తారు, ఆవిడకి ఇబ్బందిగా ఉంటుంది. మీ అక్కగారిని పంపి ముందే తీసుకొచ్చి కూర్చోబెట్టించండి.

నమూనాలో ‘నేను’ అన్న మాట ఎక్కడా లేదు, గమనించే ఉంటారు. మీ ఆవిడ పక్కనే నిలబడి ఉండాలి. 20 ఏళ్ళు అద్దె ఇళ్ళల్లో సర్దుకున్నది ఇద్దరూ కదా. ఆవిడకి మాట్లాడాలని ఉంటే ఆఖరి భాగం, అంటే మేడమీద భోజనాలు, వెనక గదిలో మంచం, ఆ ముక్క ఆవిడకి వదిలేయండి. వద్దంటే బలవంతం చేయకండి, ‘మా ఆవిడ కూడా రెండు మాటలు’ అని హఠాత్తుగా మైక్ చేతిలో పెట్టడం అంత దారుణం ఇంకోటి లేదు.

‘ఏమైనా లోటుపాట్లుంటే మన్నించండి’ అన్నది నేను కావాలనే పెట్టలేదు. మెట్లకి రైలింగు లేదని, ఎక్కలేనివాళ్ళకి కింద వడ్డిస్తామని చెప్పారంటే లోటు ఎక్కడుందో చెప్పి దానికి సర్దుబాటు కూడా చెప్పేసినట్టే. పెద్దవాళ్ళు ఆ మాట లేకపోతే వెలితి అనుకుంటారని మీకు అనిపిస్తే ఒక్కసారి అనండి, తప్పేం లేదు. శుభలేఖలో ఉన్న భాష మాత్రం మైక్‌లోకి తేవద్దు. మీరు గోదావరి మనిషి, ‘అండి’ అంటూ మాట్లాడతారు, అలాగే మాట్లాడండి.

బట్టీ పట్టకండి. బట్టీ పట్టిన మాట మధ్యలో ఒక పిల్లాడు ఏడిస్తే మొదటికి వస్తుంది. శుభలేఖ వెనకవైపు ఐదు మాటలు పెద్దక్షరాలతో రాసుకోండి: అక్క, అమ్మ, ఇసుక, మేస్త్రీ, మేడ. కండువా మడతలోనో జేబులోనో పెట్టుకోండి. ముందురోజు రాత్రి కూరగాయలు తరిగే చోట, ఆ గోలలోనే, మీ ఆవిడకి ఒకసారి వినిపించండి. అక్కడ ఆవిడకి అర్థమైతే షామియానా కింద అందరికీ అర్థమవుతుంది.

పిలిచినా రాలేకపోయిన పొరుగువాళ్ళు ఒకరో ఇద్దరో ఉంటారు. ఎవరికో ఆఫీసు, ఎవరింట్లోనో మంచం మీద ఉన్న పెద్దావిడ. వాళ్ళకోసం వంటలు అయిపోకముందే ఒక క్యారేజీ కట్టించి పక్కన పెట్టించండి, సాయంత్రం ఆ క్యారేజీతో మీరే స్వయంగా వెళ్ళండి. మైక్ సంగతికొస్తే, మీ మాటలు అయిపోగానే షామియానా అబ్బాయితో స్విచ్ ఆపించేయండి. లేకపోతే రెండో బంతి కూర్చునేసరికి మీ చుట్టాల పిల్లల్లో ఎవరో ఒకరు దాన్ని అందుకుంటారు.